అర హెచ్‌పీ మోటారే చాలింది, పైపే చాలలేదు

"మోటారు ముసలిదైపోయింది సార్. ఒకటి హెచ్‌పీ వేసేద్దాం, ట్యాంకు ఇట్టే నిండుతుంది" అన్నాడు ప్లంబరు. నేను సరేనన్నాను. ఆ సరే అన్నందుకు అయిన ఖర్చు, ఆ తర్వాత నేర్చుకున్న లెక్క, రెండూ ఇక్కడ రాస్తున్నాను.

మాది నరసరావుపేటలో 22 ఏళ్ల నాటి రెండంతస్తుల ఇల్లు. కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు. వాకిట్లో సంపు, డాబా మీద ఇనుప స్టాండు, దాని మీద 1000 లీటర్ల ట్యాంకు. మధ్యలో అర హెచ్‌పీ మోటారు, ముప్పావంగుళం జీఐ పైపు. ఇల్లు కొత్తలో ట్యాంకు 35 నిమిషాల్లో నిండేదని నాన్న చెప్పేవారు. నిరుడు వేసవికి వచ్చేసరికి గంటా పది నిమిషాలు పడుతోంది. మోటారు రెండేళ్లలో రెండుసార్లు వైండింగ్ కాలింది. ఇలాంటప్పుడు అనుమానం మోటారు మీదికి పోవడం సహజం. చప్పుడు చేసేది, వేడెక్కేది, కాలేది అదే కదా. గోడలో పడి ఉన్న పైపును ఎవరూ అనుమానించరు.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. సంపులో నీళ్లు బాగా తగ్గినప్పుడు నీటిమట్టం మోటారుకు 6 అడుగుల కింద ఉంటుంది. మోటారు నుంచి పైకి అరుగు 2 అడుగులు, రెండంతస్తులు పదేసి చొప్పున 20, స్టాండు 4, ట్యాంకు పైమూత దాకా ఇంకో 4. మొత్తం 36 అడుగులు, అంటే 11 మీటర్లు. వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు. వెయ్యి కిలోలను 11 మీటర్లు పైకి ఎత్తడానికి కావలసిన శక్తి కరెంటు భాషలో 0.03 యూనిట్. అరగంటలో ఎత్తాలంటే 60 వాట్లు. మన నెత్తిన తిరిగే సీలింగ్ ఫ్యాన్ కూడా దాదాపు అంతే తింటుంది.

ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అర హెచ్‌పీ అంటే 373. కావలసింది 60, ఉన్నది 373. ఇళ్లలో వాడే చిన్న పంపులు తమకు అందిన శక్తిలో మూడో వంతు కూడా నీటికి ఇవ్వలేవు, మిగతాదంతా లోపల సుళ్లు తిరగడంలోనే పోతుంది. ఆ నష్టం తీసేసినా అర హెచ్‌పీలో వంద వాట్ల దాకా నీటికి మిగలాలి. మరి ట్యాంకు గంటా పది నిమిషాలకు గానీ ఎందుకు నిండటం లేదు? ఈ ప్రశ్న అప్పుడే వేసుకుని ఉంటే నాకు కొన్ని వేలు మిగిలేవి.

మొదటి తప్పు మా బావగారి సలహాతో మొదలైంది. ఆయనకు పొలంలో అయిదు హెచ్‌పీ మోటారు ఉంది, మోటార్ల విషయంలో మా ఇంట్లో ఆయన మాటే మాట. మోటారు కాలుతోందని ఫోన్ చేస్తే "ఏమోయ్, గేట్‌వాల్వు సగం కట్టెయ్. లోడు తగ్గుతుంది, మోటారు చల్లగా నడుస్తుంది. నేను చేసేది అదే" అన్నారు. నేను కట్టాను. మరుసటి వారం మెకానిక్ వచ్చి క్లాంప్ మీటరు పెట్టి చూశాడు. మోటారు మీద రాసింది 3.4 ఆంపియర్లు, మీటరు చూపించింది 4.1. వాల్వు పూర్తిగా తెరిస్తే 3.8కి దిగింది.

"ఇది పొలం మోటారు కాదు సార్. దీని వాల్వు కడితే ఇదే కాలిపోతుంది" అన్నాడతను.

బావగారి సలహా తప్పు కాదు, అది వేరే జాతి పంపుకు చెప్పిన సలహా. పొలంలో ఉన్నది సెంట్రిఫ్యూగల్ పంపు. అది ఎంత ఎక్కువ నీళ్లు తోస్తే అంత ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే దాని దారి కొంచెం బిగిస్తే లోడు తగ్గుతుంది. మన సంపుల పక్కన ఉండే, మోటారూ పంపూ ఒకే ముక్కగా వచ్చే చిన్న మోనోబ్లాకుల్లో ఎక్కువ భాగం రీజెనరేటివ్ రకం. లోపల చక్రం అంచున చిన్న చిన్న పళ్లుంటాయి. నీరు ఆ పళ్ల మధ్య చిక్కి, చక్రంతో పాటు తిరుగుతూ పంటి నుంచి పంటికి ఒత్తిడి పెంచుకుంటుంది. చిన్న మోటారుతో పెద్ద ఎత్తు ఎక్కించగలగడం దీని గొప్పతనం. దీని స్వభావం తలకిందులు: ఎదురు ఒత్తిడి పెరిగేకొద్దీ నీళ్లు తగ్గుతాయి, కరెంటు పెరుగుతుంది. వాల్వు పూర్తిగా మూస్తే అన్నిటికంటే ఎక్కువ లాగుతుంది. దీనికి ఎదురొచ్చేది మూసిన వాల్వు అయినా, పూడిన పైపు అయినా తేడా లేదు. ఊరికే కాలుతోందనుకున్న మా మోటారు, నిజానికి సగం మూసిన వాల్వు మీద ఏళ్ల తరబడి నడుస్తోంది. ఆ వాల్వు పేరు ముప్పావంగుళం పైపు.

అప్పటికి నాకు ఇంత తెలియదు. ఒకటి హెచ్‌పీ కొన్నాను.

కొత్త మోటారు వేసిన మొదటి రోజు ట్యాంకు 46 నిమిషాల్లో నిండింది. 70 నుంచి 46కు వచ్చింది కాబట్టి సంతోషించాను. శక్తి రెట్టింపు పెట్టాను కదా, 35 నిమిషాలకు ఎందుకు రాలేదని అడగలేదు. పది రోజులకు మోటారు దగ్గర పైపును కలిపే యూనియన్ లోంచి నీళ్లు చిమ్మడం మొదలైంది. బిగించాం. మళ్లీ కారింది. ఆ యూనియన్ మార్చడానికి వచ్చినప్పుడు మెకానిక్ అక్కడ మూడు మూతుల టీ జాయింటు పెట్టి, నీటి ఒత్తిడి చూపే డయల్ గేజి ఒకటి బిగించి వెళ్లాడు. మూడు నాలుగొందల రూపాయల వస్తువు. సంపు, ట్యాంకు, మోటారు ఉన్న ఏ ఇంట్లోనైనా మొదట కొనవలసింది ఇదేనని ఇప్పుడు నా పట్టుదల.

గేజి మీద ఒక కేజీ అంటే పది మీటర్ల ఎత్తు నీళ్లు, సుమారు 33 అడుగులు. మోటారు ఆపేసినప్పుడు, సంపులోని పైపు చివర నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు గట్టిగా ఉంటే, పైపులో నీళ్లు పైదాకా నిలిచే ఉంటాయి. అప్పుడు గేజి చూపేది ఒట్టి ఎత్తును. మా ఇంట్లో 0.9. మోటారు నుంచి ట్యాంకు మూత దాకా 30 అడుగులు కదా, సరిపోయింది. మోటారు వేశాను. ముల్లు 3.2 దగ్గర నిలిచింది.

ఎత్తు 0.9 కేజీలే. 3.2 ఎందుకు కావాలి? మిగతా 2.3 కేజీలు, అంటే 23 మీటర్లు, నీళ్లు పైపు గోడలతో రాసుకోవడానికి పోతున్నాయి. మా రెండంతస్తుల ఇంటి నెత్తిన కనపడని ఏడంతస్తులు కట్టి, ఆ పైకి నీళ్లు ఎక్కిస్తున్నట్టు లెక్క. ఒకటి హెచ్‌పీలో మూడింట రెండు వంతుల శ్రమ ఆ లేని అంతస్తులకే పోతోంది. పాత అర హెచ్‌పీ మోటారును తిరిగి బిగించి చూశాం. నడిచేటప్పుడు 2.0. అంటే దానికి 11 మీటర్లు ఇల్లు, ఇంకో 11 మీటర్లు పైపు.

మోటారు పెంచితే నీళ్లు అంతగా ఎందుకు పెరగలేదో ఇక్కడ తెలుస్తుంది. నీటి వేగం రెట్టింపైతే రాపిడి రెట్టింపుతో ఆగదు, మూడున్నర రెట్ల పైచిలుకు అవుతుంది. ఇరుకు పైపులోకి బలం పెంచేకొద్దీ, పెంచిన బలాన్ని పైపే తినేస్తుంది.

పైపు కోసి చూశాం. ముప్పావంగుళం జీఐ పైపుకు కొత్తలో లోపలి బోలు 21 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. మా పైపులో తుప్పూ సున్నమూ కలిసి పెచ్చులు కట్టి, చిటికెన వేలు పెడితే ఇరుక్కుపోయింది. కొలిస్తే 14 మిల్లీమీటర్లు. మా వైపు బోరు నీళ్లలో సున్నం ఎంతో, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లపెచ్చు చూసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. అదే పెచ్చు 20 ఏళ్లుగా పైపులో కడుతోంది.

వ్యాసం విషయంలో మన కంటి అంచనా పనికిరాదు. 21 నుంచి 14కు వస్తే మూడో వంతు తగ్గిందనుకుంటాం. నీటికి మాత్రం అది అలా కనపడదు. అదే నీళ్లు అదే సమయంలో పోవాలంటే, రాపిడి వ్యాసపు అయిదో ఘాతానికి దగ్గరగా మారుతుంది. మూడో వంతు తగ్గితే రాపిడి ఏడు రెట్లు. తుప్పు గరుకు కూడా కలిస్తే ఇంకా ఎక్కువ. హేజెన్, విలియమ్స్ అనే ఇద్దరు ఇంజినీర్ల పేరుతో ఉన్న సూత్రాన్ని పైపుల లెక్కలకు ఎప్పటినుంచో వాడుతున్నారు, నేను వేసిన లెక్కలన్నీ దానితోనే. చేత్తో వేస్తే విసుగు గానీ ఫోన్‌లో నిమిషం పని.

కొత్త పైపు వేద్దామనేసరికి ఇంట్లో పెద్ద చర్చ. ప్లంబరు ముప్పావు సీపీవీసీ ప్లాస్టిక్ పైపు అన్నాడు, "సన్న పైపైతేనే ఫోర్సుగా పైకెక్కుతాయి సార్." బావగారు అప్పటికి ఊరినుంచి దిగారు. ఆయనకు ఇంకో అనుమానం: "పెద్ద పైపు వేస్తే అందులో నీళ్ల బరువు ఎక్కువ కదోయ్, చిన్న మోటారు ఏం మోస్తుంది?" ఈ రెండు మాటలూ నేను చిన్నప్పటినుంచి వింటున్నాను. మీరూ వినే ఉంటారు.

బరువు సంగతి ముందు. గేజి దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే గానీ బావగారు ఒప్పుకోలేదు, అదీ కొత్త అంగుళం పైపు వేశాక. మోటారు ఆపి ఉన్నప్పుడు పాత సన్న పైపుతో 0.9. కొత్త లావు పైపుతోనూ 0.9. లావు పైపులో నీళ్లు ఎక్కువే, వాటి బరువూ ఎక్కువే, ఆ బరువును మోసే అడుగు వైశాల్యమూ అంతే ఎక్కువ. మోటారుకు తగిలే ఒత్తిడి ఎత్తును బట్టి ఉంటుంది, లావును బట్టి కాదు. చెరువు గట్టు అడుగున ఒత్తిడి చెరువు లోతును బట్టి ఉంటుంది గానీ అవతలి గట్టు ఎంత దూరమన్న దాన్ని బట్టి కాదు కదా.

ఇక ఫోర్సు. తోటకు నీళ్లు పెట్టేటప్పుడు గొట్టం మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు దూరం పడతాయి. అది చూసి పుట్టిన మాట ఇది. నొక్కినప్పుడు దూరం పడతాయి, నిజమే. కానీ అదే గొట్టంతో బకెట్టు నింపి చూడండి, నొక్కితే ఆలస్యమవుతుంది. ట్యాంకులోకి నీళ్లు ఎగిరి దూకనక్కర్లేదు, వచ్చి పడితే చాలు.

ఇప్పుడు అసలు ఎంపిక. నేను చేసిన వరుస ఇది: ముందు ఎన్ని నీళ్లు కావాలో, తర్వాత ఏ పైపో, ఆ తర్వాత ఆ పైపుతో మొత్తం హెడ్, అంటే ఇంటి ఎత్తూ పైపు రాపిడీ కలిపి, ఎంతో. హెచ్‌పీ అన్నిటికంటే చివర. దుకాణంలో మాట హెచ్‌పీ తోనే మొదలవుతుంది, అక్కడే దారి తప్పుతుంది.

రెండు కుటుంబాలకు వెయ్యి లీటర్ల ట్యాంకు అరగంటలో నిండితే చాలు. అంటే గంటకు 2000 లీటర్లు. సంపు నుంచి ట్యాంకు దాకా మా పైపు పొడవు 18 మీటర్లు. ఎల్బోలు, ఫుట్‌వాల్వు, బాల్‌వాల్వు అన్నీ కలిపి ఇంకో 7 మీటర్ల పైపుతో సమానమనుకుని, 25 మీటర్లకు లెక్క కట్టాను. ముప్పావు సీపీవీసీకి లోపలి బోలు 18 మిల్లీమీటర్లు, అంగుళానికి 23 పైచిలుకు. పైపు మీద రాసే అంగుళాలు పేరుకే, కావలసింది లోపలి బోలు. గంటకు 2000 లీటర్లు పోతే ముప్పావులో రాపిడి 8 మీటర్లు, అంగుళంలో 2 మీటర్లు.

ఇంటి ఎత్తు 11 కలిపితే, ముప్పావుతో 19 మీటర్లు, అంగుళంతో 13 మీటర్లు. ఇప్పుడు మోటారు పెట్టె మీద ఉండే పట్టిక చూడాలి. మా అర హెచ్‌పీది ఇలా ఉంది: 6 మీటర్ల హెడ్ దగ్గర గంటకు 2500 లీటర్లు, 12 దగ్గర 1900, 18 దగ్గర 1300, 24 దగ్గర 700. పెట్టె ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేవి గరిష్ఠ హెడ్, గరిష్ఠ డిశ్చార్జి. ఆ రెండూ ఒకేసారి దొరకవు. గరిష్ఠ హెడ్ దగ్గర నీళ్లు దాదాపు రావు, గరిష్ఠ డిశ్చార్జి దగ్గర ఎత్తు దాదాపు ఎక్కదు. మీకు కావలసిన హెడ్ ఎదురుగా ఏం రాశారన్నదే ఆ మోటారు.

నీళ్లు తగ్గితే రాపిడీ తగ్గుతుంది కాబట్టి, పంపూ పైపూ ఎక్కడో ఒకచోట రాజీ పడతాయి. నాలుగైదు అంకెలు వేసి చూస్తే ఆ చోటు దొరుకుతుంది. ఉదాహరణకు అంగుళం పైపుతో 1800 లీటర్లు పోతాయనుకుందాం. రాపిడి 1.7 మీటర్లు అవుతుంది, మొత్తం 12.7. పట్టికలో 12.7 దగ్గర పంపు ఇచ్చేది సుమారు 1830. రెండూ కలిశాయి. ట్యాంకు 33 నిమిషాలు. ముప్పావుతో అదే పని చేస్తే 1500 లీటర్ల దగ్గర కలుస్తాయి, 40 నిమిషాలు.

ఇక్కడ ప్లంబరు వైపు నిలబడి మాట్లాడాలి. కొత్త పైపుల్లో తేడా ఏడు నిమిషాలే. "ఏడు నిమిషాల కోసం అంగుళం పైపు, అంగుళం ఎల్బోలు, ఎందుకు సార్" అని అతను అడిగితే కొత్త రోజు వరకు అతనిదే న్యాయం. నేను అంగుళం మీద పట్టుబట్టింది పదేళ్ల తర్వాతి రోజు కోసం. ప్లాస్టిక్ పైపుకు తుప్పు పట్టదు, సున్నం కూడా జీఐ అంత తొందరగా అంటదు. కానీ మా నీళ్లకు అస్సలు అంటదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. రెండు పైపుల్లోనూ చుట్టూ 2 మిల్లీమీటర్ల పెచ్చు కట్టిందనుకోండి. ముప్పావులో 18 కాస్తా 14 అవుతుంది, ట్యాంకు 55 నిమిషాలకు పోతుంది. అంగుళంలో 23 కాస్తా 19 అవుతుంది, ట్యాంకు 37 నిమిషాలకు పోతుంది. అదే పెచ్చు, అదే మోటారు. ఒక దాంట్లో పావుగంట పోయింది, ఇంకో దాంట్లో నాలుగు నిమిషాలు. పైగా రీజెనరేటివ్ పంపుకు ఆ పావుగంట నష్టం అదనపు కరెంటుగా, వేడిగా కూడా తగులుతుంది.

మరి అంగుళంపావు ఎందుకు కాదు? అదీ వేసి చూశాను, కాగితం మీద. రాపిడి ఒక మీటరు లోపుకు వస్తుంది, ట్యాంకు 31 నిమిషాలకు నిండుతుంది. రెండు నిమిషాలు. ఈ ఇంటికి అక్కడ ఇంక తీసేయడానికి రాపిడి మిగల్లేదు, ఉన్నదంతా ఇంటి ఎత్తే. ట్యాంకు డాబాకు అవతలి చివర ఉండి పైపు 40 మీటర్లు పోవాలంటే, లేదా గంటకు మూడు నాలుగు వేల లీటర్లు కావాలంటే అంగుళంపావే వేసేవాణ్ని. "మోటారు మూతే అంగుళం, అంతకంటే లావు పైపు వేయకూడదు" అని ఒక మాట ఉంది, దాన్ని పట్టించుకోకండి. బెత్తెడు మూతి ఇరుకైతే పోయేది కొద్దిగానే. పాతిక మీటర్ల పైపు ఇరుకైతేనే చేటు.

ఒకటి హెచ్‌పీ మోటారును కొత్త అంగుళం పైపుకు పెడితే ఎలా ఉంటుందో కూడా చూశాను, కొన్నాను కదా ఎలాగూ. 21, 22 నిమిషాలు. అరకు, ఒకటికి మధ్య తేడా 11 నిమిషాలు. పాత పైపుతో ఒకటి హెచ్‌పీ 46 నిమిషాలు తీసుకుంటే, కొత్త పైపుతో అర హెచ్‌పీ 33 నిమిషాలు. మెకానిక్ మళ్లీ క్లాంప్ మీటరు పెట్టాడు. అర హెచ్‌పీ మోటారు 2.9 ఆంపియర్లు. 3.8 లాగుతూ రెండుసార్లు కాలిన అదే మోటారు. చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది.

కరెంటు బిల్లు తగ్గుతుందని మాత్రం ఎవరికీ చెప్పను. రోజుకు ఒకటి రెండుసార్లు అరగంట నడిచే మోటారు, నెలకు పది ఇరవై యూనిట్లు. అందులో మిగిలేది చాయ్ ఖర్చే. డబ్బు పోయేది వైండింగుల దగ్గర, కండెన్సర్ల దగ్గర, వేసవిలో నీళ్లు లేక ట్యాంకరు పిలిచిన రోజుల్లో.

పెద్ద మోటారు కావాలనే వాళ్ల దగ్గర ఒక్క వాదన మాత్రం బలమైనది ఉంది: వోల్టేజి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మా వీధిలో 180 దాకా పడిపోతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 దగ్గర నూరు ఉంటే, 180 దగ్గర 61 మాత్రమే. నిండా లోడు మీదున్న మోటారు అప్పుడు 'ఉం...' అని మూలుగుతూ కదలకుండా నిలబడిపోతుంది, అలా నిలబడితే నిమిషాల్లో కాలుతుంది. మీ వీధి సంగతి ఇలాగే ఉంటే కొంచెం మిగులు బలం ఉంచుకోవలసిందే. ఆ మిగులును మోటారు పెంచి అయినా తెచ్చుకోవచ్చు, పైపు మార్చి లోడు తగ్గించి అయినా తెచ్చుకోవచ్చు. మా పాత పైపు మీద అలాంటి సాయంత్రాల్లో కదలని మోటారు, కొత్త పైపు మీద 185 దగ్గర తిరగడం నేను మీటరు పెట్టుకుని చూశాను. అయినా నాలుగంతస్తుల ఇల్లయితే ఈ మాట చెప్పను. అక్కడ ఎత్తే 17, 18 మీటర్లు అవుతుంది. పట్టికలో 18 దగ్గర అర హెచ్‌పీకి 1300 లీటర్లు మాత్రమే ఉన్నాయి, రాపిడి ఇంకా కలపలేదు. నాలుగు కుటుంబాలుంటే అక్కడ ఒకటి హెచ్‌పీ, అంగుళంపావు పైపు, వేరే ఆలోచన అక్కర్లేదు.

సంపు నుంచి మోటారులోకి నీళ్లు వచ్చే సక్షన్ వైపు గురించి కొంచెం. మోటారు నీళ్లను లాగుతుందంటాం గానీ, నిజానికి బయటి గాలే నీళ్లను పైపులోకి నెడుతుంది. గాలి నెట్టగలిగేది లెక్కకు 10.3 మీటర్లు, వాస్తవంలో ఆరేడు. మన సంపులు ఆరేడు అడుగులే కాబట్టి లోతు సమస్య కాదు. ఇరుకు, కారే జాయింట్లు సమస్య. డెలివరీ వైపు కారితే నీళ్లు బయటికొస్తాయి, కనపడుతుంది. సక్షన్ వైపు కారితే గాలి లోపలికి పోతుంది, ఏమీ కనపడదు. అందుకే సక్షన్ పైపు పంపు మూతి కంటే ఎప్పుడూ సన్నగా ఉండకూడదు, ఎల్బోలు తక్కువ ఉండాలి, సంపు నుంచి మోటారు వైపు కొంచెం ఎత్తుగా ఎక్కుతూ రావాలి. మధ్యలో మెట్టలా లేస్తే అక్కడ గాలి నిలుస్తుంది. ఫుట్‌వాల్వు సంపు అడుగుకు జానెడు పైన ఉండాలి, లేకపోతే బురద లాగుతుంది. రీజెనరేటివ్ పంపులో చక్రానికీ గోడకూ మధ్య సందు వెంట్రుక మందం. ఇసుక పడితే ఆ సందు అరిగి పెద్దదవుతుంది, ఒకసారి అరిగిన పంపు మళ్లీ పాత నీళ్లు ఇవ్వదు.

ట్యాంకు ఆలస్యంగా నిండుతుంటే లోపం పైపుదా, పంపుదా, సక్షన్‌దా తేల్చడానికి గేజి, ఒక 20 లీటర్ల బకెట్టు చాలు. డాబా ఎక్కి పైపు మూతి కింద బకెట్టు పెట్టి ఫోన్‌లో సెకన్లు చూడాలి. 36 సెకన్లకు నిండితే గంటకు 2000 లీటర్లు. మాకిప్పుడు 39, 40 పడుతోంది. బకెట్టు ఆలస్యమై గేజి ఎక్కువ చూపిస్తే పైపు పూడింది. బకెట్టు ఆలస్యమై గేజి కూడా తక్కువ చూపిస్తే పంపు అరిగింది లేదా ఫుట్‌వాల్వు జాలీకి నాచు పట్టింది. ముల్లు వణుకుతూ, పైన నీళ్లు తుంపర్లు తుంపర్లుగా దగ్గుతూ పడితే సక్షన్‌లో గాలి దూరుతోంది. ఈ మూడింటికీ మన ఊళ్లలో చెప్పే మందు ఒకటే, పెద్ద మోటారు. మొదటిదానికి అది సగం మందు, మిగతా రెండిటికీ అసలు మందే కాదు.

ఆ ఒకటి హెచ్‌పీ మోటారును బావగారు పట్టుకుపోయారు. ఊళ్లో వాళ్ల మూడంతస్తుల ఇంటికి, దూరంగా ఉన్న ట్యాంకుకు అది సరిగ్గా సరిపోయింది. అంగుళంపావు పైపు వేయించాకే బిగించారట, నాకు చెప్పలేదు, అక్క చెప్పింది.

కొత్త పైపు వేసిన రోజు మోటారు పక్క గోడ మీద మార్కరుతో రాసి పెట్టుకున్నాను: ఆపితే 0.9, నడిస్తే 1.05. పోయిన నెల ఒక పొద్దున మోటారు వేయబోతూ చూస్తే ముల్లు సున్నా మీద ఉంది. రాత్రి 0.9 దగ్గర వదిలినది. పైపులో నీళ్లన్నీ వెనక్కి సంపులోకి దిగిపోయాయన్న మాట. ఫుట్‌వాల్వు విప్పితే లోపలి రబ్బరు వాషరు ఒక పక్క నలిగి ఉంది. కొత్తది వేసి, మోటారులో చెంబుడు నీళ్లు పోసి స్విచ్ వేశాను. 1.05.